కీల్ ప్లేటులో 67వ గుంట

రోగ నిర్ధారణ చరిత్ర – 11వ భాగం

గత భాగంలో కౌలాలంపూర్ దాకా వచ్చి ఆగాం. 1900లో అక్కడ పుట్టిన పాథలాజికల్ ఇన్‌స్టిట్యూట్, అంటే నేటి ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెడికల్ రీసెర్చ్, బెరిబెరితోనూ మలేరియాతోనూ ఎలా కుస్తీ పట్టిందో చూశాం. రబ్బరు తోటల్లో కూలీలు పిట్టల్లా రాలిపోతున్న రోజులవి. అప్పటి డాక్టరు మైక్రోస్కోపును అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషిని పట్టిన జబ్బు ఏది? రక్తపు చుక్కలో మలేరియా క్రిమి కనిపిస్తే జవాబు దొరికినట్టే.

క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క జవాబు చాలదు. పేరు తెలిశాక కూడా అసలు సంగతి మిగిలే ఉంటుంది. ఈ కణితి ఎలా నడుచుకోబోతోంది? ఏళ్ల తరబడి ఒకచోట పడి ఉండే రకమా, నెలల్లో విజృంభించే రకమా? ఈనాడు ఈపోలోనో పెనాంగ్‌లోనో బయాప్సీ చేయించుకున్న మనిషి చేతికి వచ్చే పాథాలజీ రిపోర్టులో, చాలా రకాల క్యాన్సర్లకు, ఈ ప్రశ్న కోసమే ఒక పంక్తి ఉంటుంది. కీ-67 అని రాసి, పక్కన ఒక శాతం వేస్తారు. రిపోర్టు మొత్తంలో ఇంటిల్లిపాదీ తేలిగ్గా చదవగలిగేది ఆ అంకె ఒక్కటే కనుక, అందరి కళ్లూ దాని మీదే పడతాయి. 60 అని ఉంటే 'అరవై శాతం ముదిరిపోయిందట' అంటారు. అది ఆ అర్థం కానే కాదు. మరి దాని అర్థం ఏమిటో తెలియాలంటే జర్మనీ ఉత్తర తీరాన కీల్ అనే ఓడరేవు పట్టణానికి వెళ్లాలి.

కీల్‌కు ఈ కథతో సంబంధం ఒకసారితో పోలేదు. 1876 నుంచి అక్కడి విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పిన వాల్టర్ ఫ్లెమింగ్, సాలమాండర్ లార్వాల కణాలకు రంగులు వేసి చూస్తూ, ఒక కణం రెండుగా చీలే తతంగమంతా దశలవారీగా బొమ్మలు గీశాడు. కేంద్రకంలోని పదార్థం దారాల్లా చిక్కబడటం, ఆ దారాలు నిలువునా చీలటం, చెరో సగం చెరో వైపు జరగటం. దానికి మైటోసిస్ అని పేరు పెట్టి 1882లో పుస్తకంగా అచ్చు వేశాడు. ఆ తర్వాత పాథాలజిస్టులకు కణితి దూకుడును కొలిచే మొదటి కొలబద్ద దొరికింది. మైక్రోస్కోపు కింద చీలుతున్న కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే. రొమ్ము క్యాన్సర్‌కు గ్రేడు వేసేటప్పుడు ఈనాటికీ ఆ లెక్క చేస్తారు.

ఆ లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. కణం నిజంగా చీలే ఘట్టం గంట సేపటి వ్యవహారం. దానికి ముందు జరిగే ఏర్పాట్లకే రోజు, రెండు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. 1953లో లండన్‌లో హోవార్డ్, పెల్క్ అనే ఇద్దరు బాకలా చిక్కుడు మొక్కల వేళ్లకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ పట్టించి, చీలికకు చాలా ముందే కణం తన డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటుందని తేల్చారు. కణ చక్రం అనే మాట అలా స్థిరపడింది. అంటే బయాప్సీ తీసిన క్షణాన చీలుతూ దొరికే కణాలు, చీలే దారిలో ఉన్నవాటిలో బహు కొద్ది. మిగతావి రాబోయే చీలికకు సరంజామా సర్దుకుంటూ, చూడటానికి మామూలు కణాల్లాగే ఉంటాయి. ఏది విశ్రాంతిలో ఉంది, ఏది పనిలో ఉంది అని విడదీసి చూపే గుర్తు కావాలి. రేడియోధార్మిక థైమిడిన్‌తో ఆ పని చేయవచ్చు కానీ, దానికి బతికున్న కణాలు కావాలి. ఫలితానికి రోజుల తరబడి కాచుకోవాలి. రోజువారీ ఆస్పత్రిలో సాగే పని కాదు.

ఆ గుర్తు మళ్లీ కీల్‌లోనే దొరికింది. అదీ వేరే దేని కోసమో వెతుకుతుంటే. 1980ల మొదట్లో యోహానెస్ గెర్డెస్, ఉల్రిఖ్ ష్వాబ్, హిల్మార్ లెంకె, హరాల్డ్ స్టైన్ అనే నలుగురు హాడ్జ్‌కిన్ లింఫోమా కణాలను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ కోసం వెతుకుతున్నారు. యాంటీబాడీని ఒకే రకంగా, కావలసినంత తయారుచేసే మోనోక్లోనల్ పద్ధతి 1975లో కోలర్, మిల్‌స్టైన్ చేతుల మీదుగా వచ్చేసింది. కీల్ బృందం ఎల్428 అనే హాడ్జ్‌కిన్ కణాల కేంద్రకాలను ఎలుకలకు ఎక్కించి, వాటి నుంచి వచ్చిన సంకర కణాలను 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులో పెంచింది. ఒక్కో గుంటలో ఊరిన ద్రవాన్ని ఒక్కో కణజాలం మీద వేసి చూశారు. 67వ గుంటలోని ద్రవం వింతగా ప్రవర్తించింది. హాడ్జ్‌కిన్ కణాలనే కాదు, ఆరోగ్యంగా ఉన్న టాన్సిల్‌లో కూడా కొన్ని కణాల కేంద్రకాలకు రంగు పట్టించింది. జీర్ణనాళపు లోపలి పొరలో కొన్ని కణాలకు పట్టించింది, మిగతా వాటిని వదిలేసింది. వృషణంలో వీర్యకణాలకు మూలమైన కణాలకు పట్టించింది. మెదడు కణాల జోలికి పోలేదు.

వెతికిన దాని కోసం చూస్తే ఇది పనికిరాని యాంటీబాడీ. పారేయవచ్చు. కానీ రంగు పట్టిన చోట్లన్నీ ఒళ్లు నిత్యం కొత్త కణాలను పుట్టించే చోట్లే అని వాళ్లు పట్టేశారు. రుజువుకు ఒక చక్కని పరీక్ష చేశారు. రక్తంలో ఊరికే తిరిగే లింఫోసైట్లకు ఈ యాంటీబాడీ అంటదు. అవే లింఫోసైట్లను రెచ్చగొట్టి విభజనకు పురికొల్పితే అంటుతుంది. 1983లో మొదటి వ్యాసం, మరుసటి ఏడు కణ చక్రంలో ఏ దశలో కనిపిస్తుందో తేల్చిన వ్యాసం వచ్చాయి. చక్రంలోకి అడుగు పెట్టిన కణంలో ఉంటుంది, బయట విశ్రాంతిలో ఉన్న దానిలో ఉండదు. ఊరి పేరులోంచి 'కీ', గుంట సంఖ్య 67, రెండూ కలిపి పేరు పెట్టేశారు. ఇంత గంభీరమైన పరీక్షకు ఇంత సాదాసీదా పేరు ఉండటం నాకైతే ముచ్చటగానే ఉంటుంది. ఆ యాంటీబాడీ పట్టుకుంటున్న ప్రోటీన్ అసలు ఏం పని చేస్తుందో అర్థం కావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. చీలే వేళ క్రోమోజోములు ఒకదానికొకటి అంటుకుపోకుండా వాటి చుట్టూ పూతలా నిలబడుతుందని 2016లో తేలింది.

అయితే 1983 నాటి కీ-67 మలేసియా లాంటి దేశానికి అప్పుడే పనికొచ్చేది కాదు. అది అప్పటికప్పుడు గడ్డకట్టించిన తాజా ముక్కల మీదే పనిచేసేది. ఫార్మలిన్‌లో ఊరిన ముక్కలో ప్రోటీన్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి, యాంటీబాడీకి దారి మూసుకుపోతుంది. ప్రపంచంలో బయాప్సీలన్నీ దాదాపుగా ఫార్మలిన్ సీసాలోనే ప్రయాణం చేస్తాయి. సరవాక్ అడవుల లోపలి ఊళ్ల నుంచి ఒక ముక్క కూచింగ్ చేరాలన్నా, లోయర్ పెరాక్ కొబ్బరి తోటల పక్క పట్టణం నుంచి ఈపో చేరాలన్నా ఆ సీసాయే గతి. ఈ చిక్కును రెండు సంగతులు విప్పాయి. ఫార్మలిన్ ముక్కను నీళ్లలో పెట్టి మైక్రోవేవ్ పొయ్యిలో మరిగిస్తే మూసుకున్న దారి తెరుచుకుంటుందని 1991లో అమెరికాలో షీ బృందం చూపింది. మరుసటి ఏడు, గెర్డెస్ పనిచేస్తున్న బోర్‌స్టెల్ పరిశోధన కేంద్రం నుంచి ఎంఐబీ-1 అనే కొత్త యాంటీబాడీ వచ్చింది. ఇది అదే ప్రోటీన్‌ను, మరిగించిన ఫార్మలిన్ ముక్కల్లో కూడా పట్టేస్తుంది. అక్కడి నుంచి కీ-67 పరిశోధనశాల గడప దాటి జిల్లా ఆస్పత్రి ల్యాబులోకి దిగింది. ఈరోజు రిపోర్టులో కీ-67 అని ఉన్నా, గాజు పలక మీద వేసింది చాలాసార్లు ఎంఐబీ-1 యాంటీబాడీయే.

ఇక ఆ గాజు పలక దగ్గరికే వెళ్దాం. పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ ప్రాంతం తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడ్డ చోటు. అక్కడి ఒక 52 ఏళ్ల గృహిణిని ఊహించుకోండి. రొమ్ములో గడ్డ తగిలింది, సూదితో సన్నని ముక్కలు తీశారు. ల్యాబులో ఆ ముక్కను మైనంలో పొదిగి, మిల్లీమీటరులో వెయ్యింట మూడు నాలుగు వంతుల మందంతో పొరలుగా కోస్తారు. ఒక పొరను మరిగించి, యాంటీబాడీ వేసి, గోధుమ రంగు రసాయనంతో తేలుస్తారు. మిగతా కేంద్రకాలు కనబడటానికి నీలి రంగు వేస్తారు. మైక్రోస్కోపులో చూస్తే నీలి చుక్కల మధ్య గోధుమ రంగు చుక్కలు. గోధుమ రంగుది చక్రంలో ఉన్న కణం, నీలిది విశ్రాంతిలో ఉన్నది. క్యాన్సర్ కణాలు వందలో ఎన్ని గోధుమ రంగులో ఉన్నాయన్నదే ఆ శాతం. రంగు ముదురా లేతా అన్నదానితో పని లేదు, పట్టిందా లేదా అన్నదే లెక్క.

చెప్పడానికి తేలికే. లెక్కపెట్టడంలోనే తిరకాసంతా ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. కణితి విషయంలో ఆ సామెత చెల్లదు, ఎందుకంటే అది అంతటా ఒకేలా ఉడకదు. మన గృహిణి గడ్డనే చూడండి. ముక్కలో సగం విస్తీర్ణం ప్రశాంతంగా ఉంది, అక్కడ నూరు కణాలు లెక్కపెడితే 6 గోధుమ రంగువి. ఇంకో 30 శాతం విస్తీర్ణంలో నూటికి 16. మిగిలిన 20 శాతం విస్తీర్ణంలో, అంచున ఒక మూల, నూటికి 40. అంతర్జాతీయ కీ-67 నిపుణుల బృందం సూచించిన పద్ధతిలో ఒక్కో ప్రాంతానికి దాని విస్తీర్ణాన్ని బట్టి విలువ ఇస్తారు. సగానికి 3, తర్వాతి దానికి 4.8, చివరి మూలకు 8. కలిపితే 15.8, అంటే దాదాపు 16 శాతం. అదే పలకను ఇంకో డాక్టరుగారు తీసుకుని, అన్నిటికన్నా చురుగ్గా ఉన్న మూల చూసి అక్కడే లెక్కపెట్టి 40 శాతం అని రాయవచ్చు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. పద్ధతులు వేరు. ఎవరు ఏ పద్ధతి వాడారో రిపోర్టులో రాయకపోతే మాత్రం కుటుంబం బెంబేలెత్తిపోతుంది.

పైగా లెక్కపెట్టిన కణాల సంఖ్యకూ విలువ ఉంది. 500 కణాలు లెక్కపెట్టి 18 శాతం అని తేల్చారనుకోండి. మరో 500 లెక్కపెడితే కేవలం యాదృచ్ఛికంగానే అది 15 దాకా దిగవచ్చు, 21 దాకా ఎక్కవచ్చు. నూరు కణాలే చూస్తే ఊగిసలాట ఏడెనిమిది అంకెలు అటూ ఇటూ ఉంటుంది. కళ్లతో ఒకసారి చూసి 'సుమారు 20' అని రాసేవాళ్లూ ఉన్నారు. 2013లో ప్రచురితమైన ఒక పోలికలో, ప్రపంచంలో పేరున్న ఎనిమిది ల్యాబులకు అవే 100 రొమ్ము క్యాన్సర్ ముక్కలను ఒకేచోట రంగు వేసి ఇచ్చారు. ల్యాబుల సగటు అంకెలు సుమారు 7 నుంచి 24 దాకా తేలాయి. ఏ ల్యాబు తనంతట తాను మళ్లీ లెక్కపెట్టినా దాదాపు అదే అంకె వచ్చింది. కానీ పక్క ల్యాబుతో పొంతన కుదరలేదు.

ముక్క చేరిన తీరు కూడా అంకెను మారుస్తుంది. శస్త్రచికిత్సలో తీసిన గడ్డను వెంటనే ఫార్మలిన్‌లో వేయకుండా గంటల తరబడి బయట ఉంచితే కీ-67 తగ్గిపోతుంది. మలేసియా ఉక్కపోతలో ఇది మరీ పట్టించుకోవలసిన సంగతి. తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలని, ఆపైన కనీసం ఆరు గంటలైనా, మూడు రోజులకు మించకుండా అందులో ఉండాలని నియమం. అంకె నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి పాథాలజిస్టు దగ్గర ఉపాయాలున్నాయి. ప్రతిసారీ రోగి పలకతో పాటు టాన్సిల్ ముక్కకూ రంగు వేస్తారు. అందులో ఎప్పుడూ చురుగ్గా ఉండే చోట రంగు నిండుగా రాకపోతే ఆ రోజు రంగే సరిగా పడలేదని అర్థం. రోగి ముక్కలోనే ఫ్లెమింగ్ గీసినట్టు చీలుతున్న కణాలు బోలెడు కనబడుతుంటే, కీ-67 రెండు శాతం అని రావడం కుదరదు. అప్పుడు అంకెను పక్కన పెట్టి మళ్లీ రంగు వేయిస్తారు. కణితిలోకి చొరబడ్డ లింఫోసైట్లు కూడా గోధుమ రంగు తెచ్చుకుంటాయి. వాటిని పొరపాటున లెక్కలో కలిపితే అంకె లేనిపోనిదిగా పెరుగుతుంది.

ఇంతా చేసి ఎక్కువ శాతం ఏం చెబుతుంది? ఎక్కువ కణాలు విభజన చక్రంలో ఉన్నాయని చెబుతుంది. అంతే. చక్రం ఒక్కటీ ఎంత సేపట్లో తిరుగుతుందో చెప్పదు. రెండు రోజులకో చుట్టు తిరిగే కణమూ, పది రోజులకో చుట్టు తిరిగేదీ రెండూ గోధుమ రంగువే. పుట్టిన కణాల్లో ఎన్ని చచ్చిపోతున్నాయో చెప్పదు. ఒళ్లంతా ఎంత దూరం పాకిందో అసలే చెప్పదు. అది స్కాన్లు, లింఫు గ్రంథుల పరీక్ష చెప్పే సంగతి, దాన్నే స్టేజి అంటారు. కణాల దూకుడు వేరు, వ్యాధి పాకిన మేర వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవడమే సాధారణంగా జరిగే పొరపాటు.

ఎంత శాతం ఎక్కువ అన్నది కూడా క్యాన్సర్‌ను బట్టి మారుతుంది. పేగుల్లోనూ క్లోమంలోనూ వచ్చే న్యూరోఎండోక్రైన్ కణితులకు 3 శాతం లోపు ఉంటే మొదటి గ్రేడు, 20 దాటితే మూడో గ్రేడు. అక్కడ 25 అంటే డాక్టరుగారు ముఖం చిట్లిస్తారు. హార్మోన్ గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్‌కు 5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే నెమ్మది రకమనీ, 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే దూకుడు రకమనీ ధైర్యంగా చెప్పవచ్చని ఆ అంతర్జాతీయ బృందమే 2021లో తేల్చింది. నడుమ ఉన్నవన్నీ సందిగ్ధమే. మన గృహిణి 16 సరిగ్గా ఆ సందిగ్ధంలోనే పడింది. ఆమె విషయంలో నిర్ణయం గ్రేడు, గడ్డ పరిమాణం, చంక గ్రంథులు, అవసరమైతే జన్యు పరీక్ష చూసి తీసుకుంటారు గానీ ఆ 16 చూసి కాదు.

బర్కిట్ లింఫోమా సంగతి ఇంకా విడ్డూరం. 1958లో ఉగాండాలో డెనిస్ బర్కిట్ పిల్లల దవడల్లో గుర్తించిన కణితి ఇది. దీనికి కీ-67 దాదాపు 100 శాతం. విశ్రాంతి అనేదే ఎరుగని కణితి, ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు కాగలదు. ఈ అంకె చూస్తే ఇక ఆశే లేదనిపిస్తుంది. కానీ సరైన కీమో సకాలంలో అందితే అధిక శాతం పిల్లలు పూర్తిగా కోలుకునే క్యాన్సర్లలో ఇదొకటి. చాలా కీమో మందులు విభజనలో ఉన్న కణాలనే దెబ్బతీస్తాయి కాబట్టి, చక్రంలో ఉన్నవన్నీ ఒకేసారి దొరికిపోతాయి. రొమ్ము క్యాన్సర్‌లోనూ ఇదే పోకడ కొంత కనిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందు కీమో ఇస్తే గడ్డ పూర్తిగా కరిగిపోవడం కీ-67 ఎక్కువున్న వాళ్లలోనే తరచు. అదే సమయంలో మందులకు లొంగకపోతే త్వరగా తిరగబెట్టేదీ వాళ్లలోనే. ఎక్కువ శాతం అంటే ప్రమాదం ఉందని, చికిత్సకు స్పందించే అవకాశం కూడా ఉందని ఒకే నోటితో చెబుతోందన్నమాట.

అందుకే ఈ అంకె ఒకసారి చూసి వదిలేసే దానికన్నా, మందు పడ్డాక ఏమైందో చూసినప్పుడు ఎక్కువ చెబుతుంది. బ్రిటన్‌లో ముట్లుడిగిన 4,480 మంది స్త్రీలతో జరిపిన పొయెటిక్ అనే పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. అందులో కొందరికి ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు హార్మోన్‌ను అణిచే మాత్ర ఇచ్చి, మొదట్లోనూ ఆపరేషన్ రోజునా కీ-67 చూశారు. హెర్2 లేని క్యాన్సర్లలో మొదటి నుంచీ తక్కువ ఉన్నవాళ్లలో ఐదేళ్లలో వ్యాధి తిరగబెట్టినది 4.3 శాతం మందికి. మొదట ఎక్కువై రెండు వారాల మాత్రతో తగ్గినవాళ్లలో 8.4 శాతం. మాత్ర వేసినా దిగిరాని వాళ్లలో 21.5 శాతం. మొదటి రిపోర్టులో ఒకే అంకె ఉన్న ఇద్దరు స్త్రీల దారులు పక్షం రోజుల్లో ఇంతగా వేరుపడ్డాయి. ఇలాంటి అంకెకు ఒక గీత గీసి ఇటువైపు వాళ్లకు మందు, అటువైపు వాళ్లకు లేదు అనడం ఎంత కష్టమో అమెరికా ఔషధ సంస్థ అనుభవం చెబుతుంది. 2021 అక్టోబరులో అబెమాసిక్లిబ్ అనే మందును తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కు అనుమతిస్తూ కీ-67 కనీసం 20 ఉండాలని షరతు పెట్టింది. 20 లోపు వాళ్లకూ మందు మేలు చేస్తోందని తేలాక, 2023 మార్చిలో ఆ షరతు తీసేసింది.

మళ్లీ మలేసియాకు వద్దాం. కణితి దూకుడు, చికిత్స దాకా పట్టిన కాలం ఈ రెండూ వేర్వేరని ఆ దేశమంత స్పష్టంగా చూపించిన చోటు నాకు మరొకటి తెలియదు. సరవాక్ రాష్ట్రం బోర్నియో ద్వీపంలో ఉంది. ఊళ్లు నదుల వెంట దూర దూరంగా ఉంటాయి. 1990ల మొదట్లో కూచింగ్‌లోని సరవాక్ జనరల్ ఆస్పత్రికి వచ్చే రొమ్ము క్యాన్సర్ రోగుల్లో 60 శాతం మంది మూడో, నాలుగో దశలోనే వచ్చేవారు. అక్కడి క్యాన్సర్ విభాగంలో డాక్టర్ బీనా దేవి 1994లో ఒక పని మొదలుపెట్టారు. కొత్త యంత్రాలేవీ కొనలేదు. పల్లె క్లినిక్కుల్లోనూ జిల్లా ఆస్పత్రుల్లోనూ పనిచేసే సుమారు 400 మంది ఆరోగ్య సిబ్బందికి గడ్డను చేత్తో తడిమి గుర్తించడం, అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా పంపడం నేర్పారు. ఊళ్లలో జనానికి చెప్పించారు. 1998 నాటికి ముదిరిన దశలో వచ్చే రొమ్ము క్యాన్సర్ రోగులు 35 శాతానికి తగ్గారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 60 నుంచి 26కు దిగింది. ముక్కు వెనుక వచ్చే క్యాన్సర్‌లో మాత్రం ఏ మార్పూ లేదు, 88 ఉన్నది 91 అయింది. బిడాయు జాతి ప్రజల్లో ఈ క్యాన్సర్ రేటు ప్రపంచంలోని అత్యధిక రేట్లలో ఒకటి. రొమ్ములో గడ్డ చేతికి తగులుతుంది, ముక్కు వెనుక ఉన్నది తగలదు.

ఆ నాలుగేళ్లలో సరవాక్ స్త్రీల కణితుల స్వభావమేమీ మారిపోలేదు. వాటి దూకుడు మునుపటిదే. మారింది చికిత్సకు వచ్చేలోపు గడిచిన కాలం. ఒక చిన్న లెక్క చూడండి. సెంటీమీటరు అడ్డకొలత ఉన్న గడ్డ రెండు సెంటీమీటర్లు కావాలంటే ఘనపరిమాణం ఎనిమిది రెట్లు కావాలి, అంటే మూడుసార్లు రెట్టింపు. రెండు నెలలకోసారి రెట్టింపయ్యే గడ్డకు ఆరు నెలలు చాలు. ఆరు నెలలకోసారి రెట్టింపయ్యే గడ్డకు ఏడాదిన్నర పడుతుంది. నెమ్మది గడ్డను మూడేళ్లు దాచుకున్న మనిషి, దూకుడు గడ్డతో నెలలో వచ్చిన మనిషి కన్నా ముదిరిన దశలో తేలవచ్చు. దీనికి రెండో వైపు కూడా ఉంది. రెండు మామోగ్రాముల నడుమ హఠాత్తుగా బయటపడే క్యాన్సర్లలో కీ-67 ఎక్కువున్నవి ఎక్కువ. నిరుడు తీసిన మామోగ్రామ్ బాగానే ఉందన్న ధీమాతో ఈ ఏడు తగిలిన గడ్డను ఊరికే వదిలేయకూడదు. సరవాక్ అనుభవం వచ్చి పదేళ్లు దాటినా, 2012–16 నాటి మలేసియా జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీలో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మంది ఇంకా మూడు, నాలుగు దశల్లోనే బయటపడ్డారు.

మీ ఇంట్లో ఎవరి రిపోర్టులోనైనా కీ-67 పంక్తి కనబడితే డాక్టరుగారిని అడగవలసినవి నాలుగు. ఈ రకం క్యాన్సర్‌కు ఎంత దాటితే ఎక్కువ అంటారు? గడ్డ మొత్తం మీద లెక్కపెట్టారా, చురుగ్గా ఉన్న మూల మాత్రమే చూశారా? ఈ అంకె వల్ల చికిత్సలో ఏదైనా మారుతుందా? స్టేజి ఎంత? ముక్కను మరో ఆస్పత్రిలో మళ్లీ చూపించదలిస్తే కాగితం ఒక్కటే తీసుకెళితే చాలదు, ల్యాబును అడిగి గాజు పలకలూ మైనపు దిమ్మా తీసుకెళ్లండి.

(సశేషం)